వేడినీళ్లు కొలిచాకే ఇంజను

ఆ ఆసుపత్రి మేడ మీదికి నేను వెళ్లింది జనవరి నెలలో, పొద్దున్న పదకొండు గంటలప్పుడు. అక్కడ లారీ అంత పొడవున్న ఒక రేడియేటర్ ఉంది. దాని ఆరు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. పక్కన నిలబడితే వేడిగాలి ముఖానికి కొట్టింది. కింద గ్యాస్ ఇంజను నడుస్తోంది, కరెంటు తయారవుతోంది. ఆ ఇంజను వేడితో నీళ్లు కాగాలి, ఏసీకి చల్లటి నీళ్లు రావాలి. అందుకే దాన్ని కొన్నారు. కానీ వేడిలో సగం రేడియేటర్‌లోంచి ఆకాశంలోకి పోతోంది. ఆపరేటర్‌ని అడిగితే, "రోజూ ఇంతే సార్, ఇది ఆగితే ఇంజను ట్రిప్ అవుతుంది" అన్నాడు. యంత్రంలో లోపం లేదు, ఆపరేటర్ తప్పూ లేదు. ఆ ఇంజను సైజు నిర్ణయించిన రోజున ఎవరో వేసిన లెక్క తప్పు.

గ్యాస్ ఇంజను కరెంటు చేసేటప్పుడు వేడి దానంతటదే పుడుతుంది. 100 యూనిట్ల శక్తి ఉన్న గ్యాస్ పోస్తే, రెండు మూడు వందల కిలోవాట్ల లోపు ఇంజనులో సుమారు 38 యూనిట్లు కరెంటుగా వస్తాయి. ఇంకో 42 యూనిట్ల దాకా వేడిగా పట్టుకోవచ్చు. అందులో దాదాపు సగం ఇంజను చుట్టూ తిరిగే జాకెట్ నీళ్లలో, 90 డిగ్రీల దగ్గర దొరుకుతుంది. మిగతాది 400 డిగ్రీలు దాటిన పొగలో ఉంటుంది. ఆ 42నీ వాడుకుంటే వేసిన గ్యాస్‌లో ఐదింట నాలుగు వంతులు పనికొచ్చినట్టు. వాడుకోకపోతే అది చాలా ఖర్చుతో నడిచే ఒక జనరేటర్, అంతే. కరెంటు, వేడి, ఆ వేడితో చలువ, ఈ మూడూ ఒకే గ్యాస్ నుంచి తీసే ఏర్పాటును ట్రైజెనరేషన్ అంటారు.

వేడితో చలువ ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. దాన్ని చేసే యంత్రాన్ని మన ప్లాంట్ రూముల్లో వామ్ అని పిలుస్తారు. వేపర్ అబ్సార్ప్షన్ మెషిన్‌కి అది పొట్టి పేరు. లోపల గాలి పీల్చేసిన ఇనుప డబ్బాలు ఉంటాయి. గాలి ఒత్తిడి లేనిచోట నీళ్లు 5 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మరిగేటప్పుడు పక్క గొట్టంలోని నీళ్ల వేడిని లాగేసుకుంటాయి, అవి 7 డిగ్రీలకు చల్లబడి ఏసీలోకి వెళ్తాయి. లేచిన ఆవిరిని లిథియం బ్రోమైడ్ అనే ఉప్పు ద్రావణం పీల్చుకుంటుంది. వానాకాలం డబ్బాలో ఉప్పు చెమర్చడం మనం చూస్తూనే ఉంటాం, ఇదీ అలాంటిదే. చెమ్మ పీల్చి పలచబడ్డ ఆ ద్రావణంలోంచి నీటిని మళ్లీ తరిమేయాలి. ఇంజను వేడి కావలసింది అక్కడ. మామూలు చిల్లర్‌లో కరెంటు మింగే కంప్రెసర్ చేసే పనిని ఇక్కడ వేడి చేస్తుంది.

వినడానికి ఇది ఉచితంగా వచ్చిన చలువలా ఉంటుంది. నిజానికి అన్ని వేడి యూనిట్లకూ ఒకే విలువ లేదు. మొత్తం సైజు లెక్కంతా ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. అందుకే దీన్ని రూపాయల్లో చూద్దాం. లెక్క కోసం కరెంటు యూనిట్ 8 రూపాయలు, గ్యాస్ ఘనపు మీటరు 45 రూపాయలు అనుకుందాం. ఒక ఘనపు మీటరు గ్యాస్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. మీ ఊళ్లో ధరలు వేరైతే అంకెలు మార్చుకోవచ్చు, దారి మాత్రం ఇదే.

ఒక యూనిట్ వేడిని స్నానాల నీళ్లకు ఇచ్చామనుకోండి. దాన్ని గ్యాస్ బాయిలర్ చేసి ఉంటే, నూటికి 85 వంతుల సామర్థ్యంతో, 5 రూపాయల 30 పైసలు ఖర్చయ్యేది. అంటే ఆ వేడి విలువ అంత. అదే యూనిట్‌ని వామ్‌కి ఇస్తే, 90 డిగ్రీల నీళ్లతో నడిచే రకంలో 0.7 యూనిట్ చలువ వస్తుంది. కూలింగ్ టవర్ ఉన్న మంచి కరెంటు చిల్లర్ ఒక యూనిట్ కరెంటుతో 5 యూనిట్ల చలువ చేస్తుంది. కాబట్టి ఆ 0.7 యూనిట్ చలువకు దానికి పట్టే కరెంటు 0.14 యూనిట్. దాని ధర రూపాయి 10 పైసలు. ఒకే వేడి, ఒకే గొట్టం. వేడినీళ్లకు పంపితే 5 రూపాయల పైచిలుకు, చలువకు పంపితే రూపాయి.

ఇప్పుడు ఇంజను వైపు చూద్దాం. ఒక యూనిట్ కరెంటు చేయడానికి 2.63 యూనిట్ల గ్యాస్ కావాలి, అంటే 11 రూపాయల 84 పైసలు. ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, సర్వీసు కలిపి ఇంకో రూపాయి వేసుకుంటే దాదాపు 12.85. వచ్చేది 8 రూపాయల కరెంటు, 1.1 యూనిట్ల వేడి. ఆ వేడంతా వేడినీళ్లకు పోతే రాబడి 13.80, యూనిట్‌కి దాదాపు రూపాయి మిగులు. వేడంతా వామ్‌కి పోతే రాబడి 9.23, యూనిట్‌కి మూడు రూపాయల అరవై పైసల నష్టం. రేడియేటర్‌కి పోతే ఇంకా ఎక్కువ నష్టం.

ఇదే లెక్కను గ్యాస్ ధర వైపు నుంచి తిప్పి వేస్తే రెండు గీతలు కనిపిస్తాయి. గ్యాస్ 52 రూపాయలు దాటితే వేడినీళ్ల కోసం కూడా ఇంజను గిట్టదు. 31 కంటే తగ్గితే వామ్ కోసం నడిపినా గిట్టుతుంది. ఆ రెంటి మధ్య ఉన్నంతకాలం ఇంజను సైజును వేడినీళ్లే నిర్ణయించాలి, చలువ కాదు. యంత్రాల కొనుగోలు ధరను నేను ఇంకా కలపలేదని గుర్తుంచుకోండి. ఇవి నడిపే ఖర్చుల గీతలు మాత్రమే. కలిపితే రెండూ ఇంకా కిందికి జరుగుతాయి.

మరి ఆసుపత్రులకు ట్రైజెనరేషన్ అన్న ఆలోచన ఎక్కడిది? చలి దేశాలది. బ్రిటన్‌లోనో జర్మనీలోనో ఆసుపత్రికి చలికాలమంతా గదులు వేడెక్కించే అవసరం ఉంటుంది. ఆ వేడికి తగ్గ ఇంజను పెడితే, వేసవిలో వేడి అడిగేవాళ్లు తగ్గి యంత్రం పనిలేకుండా ఉంటుంది. ఆ వేసవి గుంతను పూడ్చడానికి వామ్ తెచ్చారు. పైగా కరెంటు ధర గ్యాస్ ధరకు రెట్టింపు కంటే ఎంతో ఎక్కువ ఉన్న చోట ఆ రూపాయి పది పైసల విలువ కూడా పెద్దదవుతుంది. మనకు గదులు వేడెక్కించే కాలమే లేదు. గుంత పూడ్చడానికి కనిపెట్టిన యంత్రాన్ని పునాదిగా పెట్టుకుంటే లెక్క తలకిందులవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటర్‌లో జర్మనీ సహకారంతో ట్రైజెనరేషన్‌ని ప్రయోగంగా పెట్టి చూశారు. అలాంటి ప్రయోగాలు మనకు అవసరమే. కానీ ఒక చోటి సైజును ఇంకో చోటికి ఎత్తుకురాకూడదు.

విజయవాడ లాంటి ఊళ్లో 350 పడకల ఆసుపత్రిని ఊహించుకుని సైజు తేల్చి చూద్దాం. మొదటి పని వేడి ఎక్కడెక్కడ కావాలో వెతకడం. పడకలన్నీ నిండాయనుకుని, పడకకు రోజుకు 100 లీటర్ల వేడినీళ్లు అనుకుంటే 35,000 లీటర్లు. వాటిని 28 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలి. 60 కంటే తగ్గించకూడదు. గోరువెచ్చటి నిల్వ నీళ్లలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, రోగులకు అది న్యుమోనియా తెస్తుంది. ఈ పనికి రోజుకు 1,300 యూనిట్ల వేడి కావాలి. దుప్పట్లు ఉతికే లాండ్రీకి ఇంకో 500.

మూడోది చాలామంది మరిచిపోయేది. తీర ప్రాంతంలో గాలి తడిగా ఉంటుంది. ఆపరేషన్ థియేటర్‌లో తడి తగ్గించాలంటే గాలిని 12 డిగ్రీల దాకా చల్లబరిచి, నీటిని కార్చేసి, మళ్లీ కాస్త వెచ్చబరిచి లోపలికి పంపాలి. లేకపోతే సర్జన్‌కీ రోగికీ వణుకు పుడుతుంది. ఈ తిరిగి వెచ్చబరచడం పగలూ రాత్రీ సాగుతుంది. థియేటర్లకూ ఐసీయూలకూ కలిపి 55 కిలోవాట్లు పెట్టుకుందాం. రోజుకు 1,320 యూనిట్లు. అన్నీ కలిపితే 3,120 యూనిట్లు, అంటే గంటకు సగటున 130 కిలోవాట్ల వేడి. ఆవిరితో పరికరాలు శుద్ధి చేసే ఆటోక్లేవులకు 134 డిగ్రీలు కావాలి. 90 డిగ్రీల నీళ్లతో ఆ పని కాదు, కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేశాను.

పెద్ద పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. బాయిలర్ గదిలో 600 కిలోవాట్ల బాయిలర్లు రెండు కనిపిస్తాయి. ఆ నేమ్ ప్లేట్ చూసి వేడి అవసరం అంతని రాసేస్తారు. కానీ ఒకటి స్టాండ్‌బై, రెండోది ఎప్పుడూ సగానికి పైన నడవదు. ఇంకొకరు నెలవారీ ఇంధనం బిల్లును 85 వంతులతో గుణిస్తారు. తక్కువ లోడు మీద ఆగుతూ నడుస్తూ ఉండే పాత బాయిలర్ సామర్థ్యం 65 కూడా ఉండకపోవచ్చు. పైగా లాగింగ్ ఊడిపోయిన గొట్టాల్లో తిరిగి తిరిగి చల్లారే వేడి కూడా ఆ బిల్లులోనే ఉంటుంది. ముందు గొట్టాలకు లాగింగ్ చుట్టించి, వేడినీళ్ల లైను మీద హీట్ మీటర్ పెట్టి, వేసవిలో ఒక నెల, చలికాలంలో ఒక నెల రాసుకోవాలి. నేను ఇంజను గురించి మాట్లాడే ముందు అడిగేది ఈ పుస్తకమే.

సగటు 130 అన్నా, ఆ వేడి రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి ఎనిమిది గంటల పాటు థియేటర్ల వేడి, గొట్టాల్లో చల్లారేది కలిపి 60 కిలోవాట్లు. పొద్దున స్నానాలూ లాండ్రీ ఒకేసారి మొదలైతే 260. ఇంజను సైజు 260కి పెడితే రాత్రి దాన్ని ఆపాలి. 60కి పెడితే పగటి లాభం పోతుంది. మధ్యలో ఒక పెద్ద నీళ్ల ట్యాంకు ఈ చిక్కు విప్పుతుంది. రాత్రి మిగిలిన వేడి అందులో చేరి, పొద్దున్న ఖర్చవుతుంది. 20 డిగ్రీల తేడాతో నిల్వ చేస్తే వెయ్యి లీటర్లు 23 యూనిట్లు పట్టుకుంటాయి. రాత్రి మిగిలేది 560 యూనిట్లు కాబట్టి 25,000 లీటర్ల నిలువు ట్యాంకు సరిపోతుంది. వేడినీళ్లు పైన, చల్లటివి అడుగున కలవకుండా ఉండాలి కాబట్టి అది పొడుగ్గా ఉండాలి.

ఇప్పుడు ఇంజను సైజు. 130 కిలోవాట్ల వేడిని 1.1తో భాగిస్తే 118. అంటే 120 కిలోవాట్ల ఇంజను. ఆసుపత్రి కరెంటు వాడకం రాత్రి అతి తక్కువగా 500 కిలోవాట్లు ఉంటుందనుకుంటే, ఈ ఇంజను చేసే కరెంటు ఎప్పుడూ లోపలే ఖర్చవుతుంది. గ్రిడ్‌లోకి పంపే ఇబ్బంది రాదు. హీట్ లెడ్ నడక అంటే ఇంజను కరెంటు మీటరుని కాక ట్యాంకు అడుగున ఉన్న థర్మామీటరుని చూస్తూ నడుస్తుంది. అడుగు నీళ్లు 70 దాటుతుంటే ఇంజను జోరు తగ్గుతుంది. సగానికి తగ్గినా వేడెక్కుతూనే ఉంటే ఆగిపోతుంది. లోటు పడ్డ కరెంటు గ్రిడ్ నుంచి వస్తుంది. మే నెలలో మేడ మీది ట్యాంకులోనే నీళ్లు వెచ్చగా ఉంటాయి, వేడినీళ్లు అడిగేవాళ్లు తగ్గుతారు. అప్పుడు ఇంజను మూడింట రెండు వంతుల జోరు మీద నడుస్తుంది. ఇవన్నీ పోగా, పూర్తి జోరుతో ఏడాదికి 7,000 గంటలు నడిచినంత పని చేస్తే 8 లక్షల 40 వేల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కి రూపాయి మిగులు చొప్పున 8 లక్షల 40 వేల రూపాయలు. ఇంజను, ట్యాంకు, గొట్టాలు, గ్యాస్ లైను ధరంతా ఆ మొత్తం నుంచే తేలాలి.

ఇంత చిన్న ఇంజనుతో చలువ మాటేమిటని అమ్మేవాళ్లు అడుగుతారు. ఈ ఆసుపత్రికి ఏడాదంతా 150 టన్నుల చలువ తప్పనిసరి. అందులో 100 టన్నులు వామ్‌తో చేద్దాం అంటారు. 100 టన్నులంటే 352 కిలోవాట్ల చలువ, దానికి 502 కిలోవాట్ల వేడి. వేడినీళ్ల 130 కలిపితే 632, ఇంజను 575 కిలోవాట్లకు పెరుగుతుంది. కాగితం మీద వేడంతా వాడుకలో ఉంటుంది, రేడియేటర్ తిరగదు. ఇక్కడ కనిపించని ఉచ్చు ఒకటుంది. 100 టన్నుల చలువ వామ్‌కి మారగానే కరెంటు చిల్లర్ మీద 70 కిలోవాట్లు తగ్గుతాయి. రాత్రి వాడకం 500 నుంచి 430కి దిగుతుంది. ఇంజను పెద్దది చేయడానికి తెచ్చిన యంత్రమే ఇంజనుకు కావలసిన కరెంటు లోడుని తినేస్తుంది. రాత్రుళ్లు ఇంజను 430 దగ్గర ఆగాలి, వేడి తగ్గుతుంది, వామ్ 70 టన్నుల లోపుకు పడిపోతుంది.

డబ్బు లెక్క ఇంకా కఠినం. 575లో 456 కిలోవాట్లు వామ్ కోసమే నడుస్తున్నాయి. యూనిట్‌కి 3.60 నష్టం చొప్పున గంటకు 1,640 రూపాయలు. ఏడాదికి 6,000 గంటలు నడిచినా కోటి రూపాయల దగ్గర. వేడినీళ్లు తెచ్చిన 8 లక్షల లాభం దాని ముందు ఎక్కడుంది? ఇంజను పొగను నేరుగా వాడే డబుల్ ఎఫెక్ట్ వామ్ యూనిట్ వేడికి 1.2 యూనిట్ల చలువ ఇస్తుంది. కానీ అది పొగ సగానికే, జాకెట్ నీళ్ల సగానికి మళ్లీ 0.7 మాత్రమే.

పైగా నీళ్లు. వామ్ లాగిన వేడీ, దానికి పోసిన వేడీ రెండూ కూలింగ్ టవర్‌లోంచే బయటికి పోవాలి. టన్ను చలువకు గంటకు సుమారు 12 లీటర్లు ఆవిరవుతాయి, కరెంటు చిల్లర్‌కి అందులో సగం చాలు. 100 టన్నుల వామ్ రోజంతా నడిస్తే అదనంగా దాదాపు 15,000 లీటర్లు. హైదరాబాద్‌లో ఎండాకాలం ట్యాంకర్లు కొనే ఆసుపత్రికి ఇది రోజుకు రెండు మూడు ట్యాంకర్ల లెక్క. దీన్ని ప్రతిపాదనల్లో రాయగా నేను చాలా అరుదుగా చూశాను.

అలాగని వామ్ ఎప్పుడూ వద్దనడం నా ఉద్దేశం కాదు. కరెంటు పోయినప్పుడు లెక్క మారిపోతుంది. డీజిల్ జనరేటర్ లీటరుకు 3 నుంచి 4 యూనిట్లే ఇస్తుంది. డీజిల్ 95 రూపాయలనుకుంటే ఆ యూనిట్ పాతిక రూపాయల పైమాటే. ఆ గంటల్లో గ్యాస్ ఇంజనును పూర్తి జోరు మీద నడపడం న్యాయం, వచ్చిన వేడికి వామ్ ఉంటే మేలు. మన ధరల్లో, యూనిట్ కరెంటు విలువ 11 రూపాయలు దాటిన ప్రతి గంటా వామ్ వైపు మొగ్గుతుంది. అలాంటి గంటలు ఏడాదికి ఎన్నో డిస్కం బిల్లులూ, జనరేటర్ లాగ్ బుక్కూ చూసి లెక్కపెట్టాలి. ఏడాదికి రెండు వందల గంటల కోసం లక్షల యంత్రం కొనరు. రెండు మూడు వేల గంటలున్న ఊరైతే వేరే సంగతి.

ఈ లెక్కకు ఇంకో పోటీ ఉంది. దాన్ని దాచడం తప్పు. ఇవాళ హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడి చేస్తుంది. యూనిట్ వేడి 2 రూపాయల 30 పైసలకే వస్తుంది. వేడినీళ్ల విలువను పాత బాయిలర్‌తో పోల్చకుండా దీనితో పోలిస్తే, ఇంజను గిట్టే గ్యాస్ ధర 52 నుంచి 36కి పడిపోతుంది. థియేటర్ల గాలి వెచ్చబరచడానికి ఉన్న చిల్లర్ బయటికి పారేసే వేడినే వాడుకోవచ్చు. డీజిల్ బాయిలర్ ఉన్నచోట మాత్రం వేడి యూనిట్‌కి 11 రూపాయలు పడుతుంది, అక్కడ ఏ మార్పు తెచ్చినా లాభమే. అందువల్ల "దేని బదులు" అన్న ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు లేని ప్రతిపాదనను నేను తిప్పి పంపేస్తాను.

నడిచే ప్లాంటులో తప్పు పసిగట్టడానికి మూడు హీట్ మీటర్లు చాలు. వేడినీళ్ల లైను మీద ఒకటి, వామ్ లైను మీద ఒకటి, రేడియేటర్ లైను మీద ఒకటి. మూడోది నెలలో చూపించే అంకె మొదటి రెంటితో పోలిస్తే ఎంతో చూస్తే చాలు. వామ్ విషయంలో ఇంకో గుర్తు ఉంది. దానిలోకి గాలి చొరబడితే చలువ తగ్గిపోతుంది. 7 డిగ్రీలుండాల్సిన నీళ్లు 9కి వస్తాయి, గాలి తోడే పర్జ్ పంపు మాటిమాటికీ నడుస్తుంది. అప్పుడు వేడి మీటరు అంతే తిరుగుతుంది, చలువ మాత్రం రాదు. నడుస్తుండగా హఠాత్తుగా కరెంటు పోతే ఉప్పు ద్రావణం పలచబడే సమయం దొరక్క లోపల గడ్డకట్టొచ్చు. దాన్ని కరిగించడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే వామ్ పంపులకు యూపీఎస్ కరెంటు ఉందో లేదో ముందే అడగాలి.

ఊహించుకున్న మన ఆసుపత్రికి ఈ ధరల మీద నేను రాసిచ్చే కాగితంలో ఉండేవి ఇవి: 120 కిలోవాట్ల ఇంజను, 25,000 లీటర్ల ట్యాంకు, ఉన్న బాయిలర్లు స్టాండ్‌బైగా. అది కూడా హీట్ పంప్ కొటేషన్‌ని పక్కన పెట్టి చూశాకే. వామ్‌కి ప్లాంట్ రూములో చోటు వదిలి, 90 డిగ్రీల లైను మీద రెండు వాల్వులు పెట్టి మూత బిగించమంటాను. 90 డిగ్రీల నీళ్లు ముందు వామ్‌లోకి వెళ్లి 80కి దిగాలి, తరువాత స్నానాల నీళ్లను వేడి చేసి 70కి దిగి ఇంజనుకు చేరాలి. ఆ వరుస తప్పకుండా గొట్టాలు ఇప్పుడే వేయాలి. గ్యాస్ 31 కిందికి దిగినా, కరెంటు కోతల గంటలు పెరిగినా, ఆ రెండు వాల్వులు తెరిస్తే సరిపోతుంది.

మేడ మీద రేడియేటర్ తిరిగిన ఆసుపత్రిలో ఇంజను మార్చలేం. వాళ్లు లాండ్రీని సాయంత్రానికి జరిపారు, ఒక ట్యాంకు కట్టారు, ఇంజను నడకను కరెంటు నుంచి వేడికి మార్చారు. ఇప్పుడు అది రోజుకు పన్నెండు గంటలే నడుస్తోంది. నేను కిందటిసారి వెళ్లినప్పుడు ఆరు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది, అదీ ఆగి ఆగి.